పాత మిద్దె గురించి రాసేటప్పుడు గదుల వరుస

ప్రశ్న: అనంతపురం జిల్లాలో మా జేజి కాలంలో కట్టిన మట్టిమిద్దె అమ్మేశాం. ఉగాది దాటినాక కొన్నవాళ్లు పడగొడతారంట. దాని మీద ఒక వ్యాసం రాయాలని గదికొక భాగం పెట్టుకుని మొదలుపెట్టాను. పడసాల, వంటిల్లు, జాలాడి అని రాసుకుంటూ పోతే అంతా సామాన్ల జాబితా మాదిరి తయారైంది. గదుల పద్ధతి వదిలేయాలా?

వదిలేయొద్దు. గదులు ఉంచి, వాటి వరుస మార్చండి. మీరు రాసుకున్నది ఇంటికి చుట్టం వచ్చే వరుస. కట్ట దగ్గర మొదలై తలవాకిలి, పడసాల, వంటిల్లు దాటి పెరట్లో తేలుతుంది. ఇల్లు పోయేది ఆ వరుసలో కాదు. ఇల్లు ఏ విధంగా పోతోందో ఆ వరుసలో గదులు రావాలి. మట్టిమిద్దెను విప్పితే ముందు పోయేది పైకప్పు, చివరిదాకా ఉండేది గడప. దానితోపాటు అన్ని గదుల్లోనూ కనిపించే సంగతి ఒక్కటి పట్టుకోండి. ఈ రెండూ కుదిరితే జాబితా లక్షణం చాలావరకు పోతుంది.

నేను కడపలో ఉంటాను. ఒక చిన్న పత్రికకు వచ్చే వ్యాసాలు చాలా ఏళ్లుగా చదివి దిద్దుతున్నాను. సొంతిల్లు అమ్మేసినప్పుడు, కూల్చేసినప్పుడు రాసినవి వాటిలో ఎక్కువే ఉంటాయి. దాదాపు అందరూ గదులవారీగానే రాస్తారు. అది సహజం, ఎందుకంటే ఇంటి జ్ఞాపకం గది గదిగానే వస్తుంది. అయితే గది ఒక చోటు మాత్రమే. ఒక చోటి నుంచి ఇంకో చోటికి పాఠకుడు ఎందుకు నడవాలో చెప్పేది వరుస. వరుసకు కారణం లేకపోతే ప్రతి భాగమూ "ఇక్కడ" అని మొదలై "ఉండేది" అని ముగుస్తుంది. ఇక్కడ బోషాణం ఉండేది, ఇక్కడ రోలు ఉండేది.

మీ చిత్తుప్రతికి ఒక పరీక్ష పెట్టండి. వంటింటి భాగాన్నీ పడసాల భాగాన్నీ తారుమారు చేసి చదవండి. ఏమీ చెడలేదనిపిస్తే మీ గదులకు ఇంకా వరుస లేనట్టే.

మిద్దె ఎలా విప్పుతారో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ వ్యాసానికి అదే నడక. కరెంటు మీటరు తీయించినాక తలుపు రెక్కలు, కిటికీలు ఊడదీస్తారు. పాత టేకుకూ వేపకూ ధర పలుకుతుంది కాబట్టి వాటికి దెబ్బ తగలకముందే తీసుకుంటారు. తర్వాత మిద్దె మీదికెక్కి మట్టి దించుతారు. ఏటేటా చౌడు మీద చౌడు పోసుకుంటూ వచ్చిన కప్పు చాలా బరువుంటుంది. ఆ బరువు దించకుండా దూలాన్ని కదిలిస్తే కింద ఉన్నవాళ్ల మీద పడుతుంది. అందుకని పారలతో మట్టి లాగి కిందికి తోస్తారు. దాని కింది బోద, కట్టెలు లేదా బండలు వస్తాయి. ఆ తర్వాత దంతెలు, వాటి తర్వాత దూలాలు దించుతారు. గోడల్లో రాయి ఉంటే రాయి ఏరుకుంటారు. ద్వారబంధం గోడలో కూర్చుని ఉంటుంది గనక గోడ దిగేదాకా రాదు, గడప దానితోపాటే కదులుతుంది.

కలప అక్కర్లేదనుకున్నవాళ్లు నేరుగా జేసీబీ పెడతారు. అప్పుడు వరుస వేరు. బండి నిలబడే చోటు వీధి కాబట్టి వీధి గోడ ముందు పోతుంది, పెరటి గోడ చివర. మీ ఇంటికి ఏది జరగబోతోందో కొన్నవాళ్లను అడిగి తెలుసుకోండి.

కప్పు ముందు పోతుందన్న ఒక్క విషయమే మీకు ఎంత ఇస్తుందో చూడండి. మట్టిమిద్దె పడసాలలో పట్టపగలు కూడా మసక. గవాక్షిలో నుంచి వచ్చే వెలుగు నేల మీద ఒక చోట పడి, పొద్దుతోపాటు జరుగుతూ పోతుంది. కప్పు తీసిన రోజు ఆ పడసాల నేల మీద మొట్టమొదటిసారి నిండా ఎండ పడుతుంది. బండల మీద మంచం కోళ్లు గీసిన గీతలు, తిరగలి ఉన్న చోట అరిగిన గుండ్రం, నూనె ఇంకిన మరకలు అన్నీ పైకి తేలతాయి. వంటింటి గోడకు తరాలుగా పట్టిన మసి వీధిలో పోయేవాళ్లకు కూడా కనబడుతుంది. చుట్టాలను కూడా రానివ్వని వంటిల్లు ఊరందరి ముందూ నిలబడుతుంది. జ్ఞాపకంలో నుంచి వెతికి తెచ్చిన జాబితాకు ఈ బలం రాదు. కప్పు లేని ఇంట్లో ఒక్కో గదినీ చూస్తూ వెనక్కి పోతే, ప్రతి గదిలోనూ ఇప్పుడు కళ్లకు కనబడే ఒక గుర్తు ఉంటుంది, దాని వెనక ఒకప్పుడు జరిగిన సంగతి ఉంటుంది.

ఇల్లు ఇంకో విధంగా పోతే వరుస కూడా ఇంకోటి అవుతుంది. 2020లో గండికోట జలాశయంలో నీళ్లు పెంచినప్పుడు మా జిల్లాలో తాళ్లప్రొద్దుటూరు మునిగింది. అటువంటి ఊరి ఇంటి గురించి రాసేవాళ్లకు నీళ్లు ఎక్కే వరుసే గదుల వరుస. పల్లంలో ఉన్న జాలాడి ముందు, పెరడు, వంటిల్లు, పడసాల తర్వాత, మిద్దె పైభాగం అన్నిటికన్నా చివర. 2009 అక్టోబరులో కర్నూలు పాతబస్తీలో వరద వచ్చి పోయిన ఇళ్లలో గోడల మీద నీటిగీత నిలిచిపోయింది. ఆ ఇంటి గురించి రాస్తే గీతకు కింద ఉన్నవి, గీతకు పైన ఉన్నవి అని ప్రతి గదినీ రెండుగా చూడొచ్చు. ఇల్లు కూల్చకుండా అమ్మేస్తే అక్కడ ఇంకొకరు కాపురం ఉంటారు, అప్పుడు ఖాళీ చేసిన వరుస పనికొస్తుంది. దేవుని గూట్లో పటాలు ముందు తీశారా చివర తీశారా అన్నది ఒక్కో ఇంట్లో ఒక్కో విధంగా ఉంటుంది. అందులోనే ఆ ఇంటివాళ్ల స్వభావం తెలుస్తుంది.

ఇక రెండో సంగతి. తాడిపత్రి వైపు పల్లె నుంచి ఒక టీచరమ్మ పంపిన వ్యాసం ఉదాహరణగా చెబుతాను. ఆమె ఒప్పుకున్నాకే ఇక్కడ పెడుతున్నాను, ఊరి గుర్తులు తీసేశాను. మొదటి ప్రతిలో పడసాల ఇలా ఉంది:

"మా పడసాల చాలా పెద్దది. అందులో రెండు నులకమంచాలు, ఒక బోషాణం, గోడకు జేజినాయన ఫోటో ఉండేవి. చెనిక్కాయల కాలంలో మూటలన్నీ ఇక్కడే వేసేవాళ్లం. ఆ రోజులు ఎంత బాగుండేవో!"

ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ మనిషి కదలడం లేదు. మంచాలు, బోషాణం, ఫోటో, మూటలు ఒకదానికొకటి సంబంధం లేకుండా పడి ఉన్నాయి. చివరి వాక్యం ఏ ఇంటికైనా అతుకుతుంది. నేను ఫోన్‌ చేసి ఆమెను ఒకే ప్రశ్న అడిగాను: "అమ్మా, రాత్రిపూట పెద్దవాన వస్తే మీ ఇంట్లో ఎవరు ఏం చేసేవాళ్లు?" ఆమె ఆగకుండా చెప్పుకుంటూ పోయారు. తిరగరాసిన ప్రతిలో అదే పడసాల ఇలా వచ్చింది:

"వాన పెద్దదైతే మొదటి చుక్క పడేది పడసాల నడిమి దంతె కింద. జేజి దీపం కూడా ముట్టించకుండా లేచి, చీకట్లోనే సరిగ్గా ఆ చుక్క కింద తపేలా పెట్టేది. రెండో చుక్క చెనిక్కాయ మూటల మీద. అప్పుడు అందరినీ లేపేది. తడిస్తే కాయ విత్తనానికి పనికిరాదు. మా మంచాలెత్తి వంటింట్లోకి మార్చి, మేం పడుకున్న చోట మూటలు పెట్టేవాళ్లు. తెల్లారేదాకా తపేలా చప్పుడు మారుతూ ఉండేది, నిండేకొద్దీ."

మంచాలూ మూటలూ ఇందులోనూ ఉన్నాయి. ఇప్పుడు అవి కదులుతున్నాయి. కాయకు మనిషి కన్నా ముందు చోటు దొరికిందన్నది ఎవరూ చెప్పకుండానే తెలుస్తోంది. ఆ ఇల్లు వానాధారం సేద్యం మీద బతికిందని వేరే పేరా రాయాల్సిన పని లేదు. వంటిల్లు ఎందుకు వస్తుందో కూడా తెలిసిపోయింది, మంచాలు అక్కడికే పోయాయి కాబట్టి.

ఆమె పట్టుకున్న సంగతి మిద్దె ఉరవడం. దాన్ని పట్టుకుని మొత్తం ఇల్లు తిరిగారు. మొదటి భాగం మిద్దె పైన: ఏటా మృగశిర కార్తెకు ముందే నాయన చౌడు నేల నుంచి బండికి మట్టి తోలి, కప్పు మీద పరిచి, తొక్కి చదును చేయడం. చౌడు పడితే నీళ్లు కిందికి ఇంకకుండా దోనె వైపు జారిపోతాయి. తర్వాత పడసాల, పైన చూశారు. వంటింట్లో గవాక్షి: వాన మొదలవుతూనే పిల్లల్లో ఒకరు మిద్దెక్కి దాని మీద బండ మూయాలి, మూస్తే పొయ్యి పొగ లోపలే తిరుగుతుంది. వాన రాత్రి వంటంటే కళ్లు మండడమే. లోపలి అర్రకు ఆమె ఇచ్చింది రెండే వాక్యాలు. అది ఎన్నడూ ఉరవలేదట, బాలింతలను అక్కడ పడుకోబెట్టేవాళ్లట.

ఈ దారిలో ఇల్లు ఎందుకు అమ్మారో కూడా చెప్పడం కుదిరింది. నాయన మోకాళ్లు పనిచేయక చౌడు పోయడం మానుకున్న ఏడు ఒకటి ఉంది. కొడుకులు పట్నంలో ఉన్నారు. కూలికి పెట్టిద్దామంటే ఆ పని తెలిసినవాళ్లు ఊళ్లో తగ్గిపోయారు. చౌడు పడని మిద్దె కొన్ని వానాకాలాలకే దంతెల దాకా నాని, చెదలు పట్టి, నడుము వంగుతుంది. మన వైపు చాలా మట్టిమిద్దెలు ఇలాగే పోయాయి. మనుషులు ఖాళీ చేసినాక ఇల్లు దానంతట అది నిలబడే రకం కాదు ఇది. ఏటేటా చేయి పడాలి. ఈ కారణాన్ని విడిగా వివరించే బదులు గదుల్లో నడిచే సంగతిలోనే పెట్టడం వల్ల, అమ్మకం దగ్గరికి వచ్చేసరికి పాఠకుడికి ముందే అర్థమై ఉంటుంది.

మీకు ఉరవడమే కావాలని లేదు. మీ ఇంట్లో అన్ని గదులూ తిరిగిన వస్తువో మనిషో అలవాటో వెతకండి. సాయంత్రం గదికొక చోట పెట్టే దీపం కావచ్చు. నీళ్లు బావి నుంచి తొట్టిదాకా, అక్కడినుంచి వంటింటిదాకా, జాలాడిదాకా పోయే దారి కావచ్చు. ఎంచుకునేటప్పుడు ఒకటే చూడండి: ఆ సంగతి ఇంట్లో మనుషులను ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదిలించాలి. గోడకు వేలాడే గడియారం అన్ని గదుల్లో వినబడుతుంది నిజమే, కానీ దానివల్ల ఎవరూ లేచి నడవరు.

మరొక విషయం మీ ప్రశ్నలోనే ఉంది. మీరు "గది" అని రాశారు గానీ పాత మిద్దెలో ఇప్పటి ఫ్లాట్‌లో మాదిరి పడక గది, భోజనాల గది అని ఉండవు. పడసాల పగలు కాయలు ఒలిచే చోటు, మధ్యాహ్నం విస్తరి వేసే చోటు, రాత్రి పడక. కొన్ని ఇళ్లలో ఒక పక్కన గాటిపాట్లో ఎద్దులు కూడా అదే కప్పు కింద. వేసవిలో పడక మిద్దె మీదికి మారిపోతుంది, మిరపకాయలు ఎండబెట్టేదీ అక్కడే. కాబట్టి భాగాలకు గది పేరు ఒక్కటే పెడితే చాలదు, ఏ వేళ అన్నది కూడా పెట్టుకోండి. వాన రాత్రి పడసాల, ఎండాకాలం మిద్దె పైన, తెల్లవారుజామున జాలాడి. వేళ వచ్చిందంటే ఆ వేళకు అక్కడ ఎవరున్నారో, ఏం చేస్తున్నారో తప్పకుండా వస్తుంది.

భాగాలన్నీ ఒకే పొడవు ఉండాలని చూడొద్దు. ఇంట్లో ఎక్కువ జరిగిన చోటు ఒకటో రెండో ఉంటాయి, వాటికి పేజీలు ఇవ్వండి. మిగతావి నాలుగు వాక్యాల్లో దాటిపోవచ్చు. ఎంత ప్రయత్నించినా రాయలేని గది ఒకటి తగలవచ్చు, అక్కడ ఎవరో పోయి ఉంటారు, లేదా పెద్ద గొడవ జరిగి ఉంటుంది. దాన్ని వదిలేసి మిగతావాటితో సరిపెట్టుకుంటే పాఠకుడికి ఇల్లు పూర్తిగా చూడలేదని తెలుస్తుంది. ఆ గది ఉందని, తలుపు ఏ వైపు తెరుచుకుంటుందో, అక్కడ ఇప్పుడు ఏం కనబడుతోందో చెప్పి ముందుకు పోండి. టీచరమ్మ అర్రకు చేసింది అదే.

అన్నదమ్ముల భాగాల గురించి జాగ్రత్త. మన ఇళ్లలో పంపకం జరిగితే పడసాల నడిమధ్య గోడ లేస్తుంది, దూలం మాత్రం రెండు ఇళ్లకూ ఒకటే ఉంటుంది. రాయడానికి అంత బలమైన చోటు ఇంకోటి దొరకదు. రాయండి. కానీ ఎవరు ఎంత తిన్నారు, ఎవరు మోసం చేశారు అన్న తీర్పు వ్యాసంలోకి వస్తే గదులు మాయమై కోర్టు కాగితం మిగులుతుంది. పైగా చదివేవాళ్లలో మీ పెదనాయన పిల్లలు కూడా ఉంటారు. ఆ గోడ దగ్గర మీరు మీ కళ్లతో చూసినదానికే కట్టుబడి ఉండండి: గోడ లేచిన రోజు దీపం ఏ వైపు ఉండిపోయింది, మీ జేజి ఏ వైపు కూర్చుంది, అవతలి వైపు తిరగమోత వాసన వస్తే ఎవరు ఏమన్నారు. అచ్చుకు పంపేముందు ఆ భాగం ఒక్కటి అవతలివాళ్లలో ఒకరికి చదివి వినిపించండి. వాళ్లు చెప్పింది మీరు మార్చక్కర్లేదు, కానీ మీరు అటువైపు నుంచి చూడనిది ఒకటైనా తెలుస్తుంది.

ముగింపు విషయంలో ఒక మాట. ఇంటి వ్యాసాలు చాలావరకు ఖాళీ జాగాలో నిలబడి కళ్లు తుడుచుకోవడంతో ఆగుతాయి. విప్పిన ఇల్లు నిజానికి ఖాళీ కాదు, అది వేరే చోట్లకు పోతుంది. తలుపులు పాత కలప అంగట్లోకి, రాళ్లు ఇంకొకరి పునాదిలోకి, మట్టి ఎవరిదో పొలంలోకి. టీచరమ్మ తమ దూలం ఎవరు కొన్నారో కనుక్కున్నారు. పక్క ఊళ్లో ఒకాయన ఎద్దుల కొట్టానికి వేసుకున్నాడు. ఆమె వ్యాసం ఆయన ఆ దూలం కొలిచి, రెండు కొసలూ కోయించి, ఎంతకు బేరం కుదుర్చుకున్నాడో చెప్పి ఆగుతుంది. అక్కడ ఆమె ఏడవలేదు, అయినా చదివిన నాకు గొంతు పట్టుకుంది.

ఉగాదికి ఇంకా వ్యవధి ఉంది కాబట్టి ఇల్లు నిలబడి ఉండగానే కొన్ని పనులు చేసుకోండి. టేపు పట్టుకుని ప్రతి గదీ కొలిచి, కాగితం మీద పటం గీయండి. గూళ్లు ఎంత ఎత్తులో ఉన్నాయో కూడా రాసుకోండి. చిన్నప్పుడు అందని గూడు ఇప్పుడు రొమ్ము దాకా ఉందని కొలిస్తేనే తెలుస్తుంది. దస్తావేజులో చెక్కుబందీ చూడండి. తూర్పున ఎవరి ఇల్లు, పడమర ఏ రస్తా అని రాసి ఉంటుంది. పాత దస్తావేజు దొరికితే కొత్తదానితో పోల్చండి, పొరుగు పేర్లు మారి ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లను "ఇల్లు ఎట్లుండేది" అని అడగొద్దు, "చాలా బాగుండేది" అన్న జవాబే వస్తుంది. ఏ భాగం ముందు కట్టారు, ఎవరి పెండ్లికి ఏ గది వేశారు, ఏ దూలం ఎక్కడినుంచి తెచ్చారు అని అడగండి. ఫోటోలు తీసేటప్పుడు గది మొత్తం వచ్చేట్టు ఒకటి చాలు, మిగతావన్నీ దగ్గరనుంచి తీయండి: గడప మీద పసుపు అట్టలు, తలుపు గొళ్లెం కింద వేళ్లు తగిలి నునుపెక్కిన చోటు, దంతెకు కట్టిన ఉయ్యాల తాడు ఒరుసుకున్న గాటు.

మిద్దె మీదికి కూడా ఎక్కండి, కానీ చౌడు పడక ఏళ్లయితే నడిమిలో అడుగు వేయొద్దు, గోడల వెంబడే నడవండి. విప్పే మేస్త్రీ ఎవరో కొన్నవాళ్లనడిగి ఆయన ఫోన్‌ నంబరు తీసుకుని, పైమట్టి దించే రోజు ఒకరోజు ముందు చెప్పమనండి. వీలైతే ఆ పూట అక్కడ ఉండి, మట్టి ఏ గది మీద నుంచి మొదలుపెట్టారో రాసుకోండి. మీ వ్యాసం మొదటి భాగం అక్కడి నుంచే మొదలుపెట్టండి. రాసినాక పడసాల భాగం ఇక్కడ పెడితే చూసి చెబుతాను.